శాంపిల్‌కూ ఒక గడియారం

రక్తపరీక్షకు పంపే రిక్వెస్ట్ ఫారంలో పైన ఒక మూల చిన్న గడి ఉంటుంది. దాని పక్కన ‘అర్జంట్’ అని అచ్చువేసి ఉంటుంది. పెద్దాసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీలు చేసిన టెక్నీషియన్లను ఆ గడి గురించి అడిగి చూడండి, ముందు నవ్వుతారు. టిక్కు పెట్టిన ఫారాలే ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ టిక్కు చూసి ఏదీ తేల్చలేరు. ఎనిమిది గంటల రౌండ్స్‌కి రిపోర్టు చేతిలో ఉండాలని హౌస్ సర్జన్ పెట్టే టిక్కు ఒకటి. రోగి చేతిలోంచి జారిపోతున్నాడని క్యాజువాలిటీ డాక్టరు పెట్టే టిక్కు ఇంకొకటి. కాగితం మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఆ టిక్కు నిజాయితీగా పెట్టినదే అయినా అది చెప్పేది సగమే. రోగి ఎంతసేపు ఆగగలడో అది చెబుతుంది, శాంపిల్ ఎంతసేపు ఆగగలదో చెప్పదు. ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి ఈ రెండు గడియారాలనూ కలిపి చూడాలి. రెండోదాన్ని చూడటం నేర్చుకోవడంలోనే ఈ పనిలోని సైన్సంతా ఉంది.

ఒంట్లోంచి తీసిన రక్తం ట్యూబులోకి వచ్చాక కూడా బతికే ఉంటుంది. అందులోని కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో, గది ఉష్ణోగ్రత దగ్గర, కణాలను వేరుచేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగర్ పడిపోతుంది. మూడు గంటలు బల్ల మీద పడి ఉన్న శాంపిల్‌లో 126 కాస్తా 105 అయి కూర్చోవచ్చు. అప్పుడు డయాబెటిస్ ఉన్న మనిషి లేదనే నమ్మకంతో ఇంటికి వెళ్తాడు. అందుకే షుగర్‌కి బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడతారు. గ్లూకోజును విరగ్గొట్టే వరసలో ఎనొలేజ్ అనే ఎంజైమును ఫ్లోరైడ్ అడ్డుకుంటుంది. అయితే ఆ మెట్టు వరసలో చివర్లో ఉంది. అందుకని ఫ్లోరైడ్ పట్టు పూర్తిగా బిగుసుకోవడానికి గంటో రెండు గంటలో పడుతుంది, ఈలోగా కొంత షుగర్ పోతూనే ఉంటుంది. బూడిదరంగు మూత చూసి ‘దీనికేం, సాయంత్రం దాకా ఆగుతుంది’ అనుకోవడం పూర్తిగా నిజం కాదు.

పొటాషియం సంగతి ఇంకా చిత్రం. మన కణాల లోపల అది లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటే, బయట ప్లాస్మాలో నాలుగు ఉంటుంది. ఇంత తేడాను నిలబెట్టేది కణం పొరలోని సోడియం పొటాషియం పంపు. ట్యూబును ఫ్రిజ్‌లో పెడితే ఆ పంపు దాదాపు ఆగిపోతుంది, లోపలి పొటాషియం మెల్లగా బయటికి కారుతుంది. రక్తం చెడిపోకుండా చల్లగా ఉంచుదామని మంచి మనసుతో ఎవరో రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన శాంపిల్, పొద్దున్నే ఆరోగ్యవంతుణ్ణి కిడ్నీ రోగిగా చూపించగలదు. మరీ గమ్మత్తేమిటంటే సీరం ఎర్రబడదు. కణాలు పగల్లేదు, కారాయంతే. కంటితో చూసి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. సేకరించిన టైమూ, ల్యాబ్‌కి చేరిన టైమూ రాసి ఉంటే మాత్రం పట్టుకోవచ్చు.

ఇది పెద్దాసుపత్రి గోడల మధ్య సమస్యే కాదు. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వంటి ఏర్పాట్లలో బస్తీ దవాఖానాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం వాహనమెక్కి కేంద్ర ల్యాబ్‌కి వస్తుంది. ఇలా రక్తం ప్రయాణించే చోటల్లా శాంపిల్ గడియారం దారిలోనే తిరుగుతుంటుంది. జెల్ ఉన్న ట్యూబును తీసిన చోటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేస్తే, జెల్ కణాలకూ సీరానికీ మధ్య అడ్డుగోడలా నిలబడుతుంది. అక్కడితో ఆ గడియారం చాలావరకు నెమ్మదిస్తుంది.

ఇప్పుడు ఒక ఉదయాన్ని ఊహించుకుందాం. బోధనాసుపత్రి ఎమర్జెన్సీ ల్యాబ్, టైము 6:10. వార్డు బాయ్ ఒకేసారి ఐదు శాంపిళ్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఐసీయూ నుంచి ఏబీజీ సిరంజి, 6:02కి తీసినది. పిల్లల వార్డు నుంచి వెన్నునీరు మూడు చిన్న సీసాల్లో, 5:40కి తీసినది. క్యాజువాలిటీలో గుండెనొప్పితో వచ్చిన మనిషి ట్రోపొనిన్‌కి ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు, 5:55ది. మెడికల్ వార్డు నుంచి ఎలక్ట్రోలైట్స్, క్రియాటినిన్ కోసం పసుపు మూత జెల్ ట్యూబు, దానికి జతగా రక్తకణాల లెక్కకి పర్పుల్ ట్యూబు, రెండూ 4:30వి. చివరగా తొమ్మిది గంటల ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న వ్యక్తి షుగర్. ఐదు ఫారాల మీదా అర్జంట్ టిక్కు ఉంది.

టెక్నీషియన్ ముందు చూసేది ఎంత తొందరో కాదు, ట్యూబు మీది పేరూ ఆసుపత్రి నంబరూ ఫారంతో కలుస్తున్నాయా అని. రెండు గుర్తులూ కలవాలి. పేరొక్కటి చాలదు, ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మిలు ఉండటం మనకి కొత్త కాదు. పేరు లేని రక్తం ట్యూబును వెనక్కి పంపి మళ్లీ తీయమనడం నియమం. కానీ వెన్నునీరు సీసా మీద లేబులు లేకపోతే? పసిపిల్ల వెన్నులో మళ్లీ సూది గుచ్చమనగలమా? అలాంటి శాంపిల్‌ను పారేయరు. తీసిన డాక్టరే వచ్చి, ఇది ఫలానా బిడ్డదేనని గుర్తుపట్టి, లేబులు అంటించి సంతకం పెట్టాలి. ఆ సంగతి రిజిస్టర్‌లోనూ రిపోర్టు మీదా కూడా ఉండాలి. నియమానికి ఇచ్చిన మినహాయింపును నియమం కంటే గట్టిగా రాసి ఉంచుతారన్నమాట.

ఆ రోజు లేబుళ్లన్నీ సరిగానే ఉన్నాయి. బార్‌కోడ్ స్కాన్ చేయగానే ఒక్కోదానికి ల్యాబ్ నంబరూ చేరిన టైమూ పడ్డాయి. ఆ తర్వాత ఆమె చేసిన మొదటి పని, చూసేవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది. అందరికంటే ముందు ఏబీజీ సిరంజి అందుకుంటుందనుకుంటాం. ఆమె హెపారిన్ ట్యూబునీ పసుపు మూత ట్యూబునీ సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురుగా బరువు సరిచూసి పెట్టి, మీట నొక్కి, అప్పుడు సిరంజి తీసుకుంది. ఎందుకంటే సెంట్రిఫ్యూజ్ పది నిమిషాలు తనంతట తాను తిరుగుతుంది, ఆ పది నిమిషాల్లో చేతులు ఖాళీ. హెపారిన్ రక్తం గడ్డకట్టదు కాబట్టి వచ్చింది వచ్చినట్టే తిప్పొచ్చు. జెల్ ట్యూబు అయితే గడ్డకట్టడానికి అరగంట కావాలి, ఇది 4:30 నుంచి ఉన్నదే కనక ఆ బాధ లేదు. అర్జంట్ పని అంటే ఒకటే క్యూ కాదు. ముందు మొదలుపెట్టాల్సింది ఒకటి, ముందు ముగించాల్సింది మరొకటి.

సిరంజిని 6:18కి మెషీన్‌కి పెట్టింది, రెండు నిమిషాల్లో ఫలితం వచ్చింది. ఏబీజీ శాంపిల్‌ను గది ఉష్ణోగ్రతలో అరగంటలోపు చూసేయాలి, లేకపోతే తెల్లకణాలు అందులోని ఆక్సిజన్‌ను వాడుకుంటూ పోతాయి. ఐసులో పెట్టమని పాత పుస్తకాల్లో ఉంటుంది. అది గాజు సిరంజిల కాలం నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ గోడలోంచి ఆక్సిజన్ చొరబడుతుంది, చల్లబరిస్తే ఆ తప్పు పెరుగుతుందే గాని తగ్గదు. ఆ తర్వాత వెన్నునీరు. ఒక సీసా మైక్రోబయాలజీకి, ఒకటి కణాల లెక్కకి, ఒకటి షుగర్, ప్రోటీన్లకి. అందులోని న్యూట్రోఫిల్ కణాలు గంట దాటితే చెప్పుకోదగ్గంతగా విచ్ఛిన్నమవుతాయి, కల్చర్‌కి వెళ్లే సీసాను ఫ్రిజ్‌లో పెడితే మెనింజైటిస్ తెచ్చే కొన్ని బాక్టీరియాలు చచ్చిపోతాయి. 5:40 నుంచి ఇప్పటికే అరగంట పైన పోయింది కాబట్టి వెంటనే పంపింది. ఆపరేషన్ రోగి షుగర్ ట్యూబును ఆఖరుకి పెట్టుకుంది. ఆ మనిషికి తొమ్మిది దాకా టైముంది, మూత కూడా బూడిదరంగుదే. టిక్కుకి గౌరవం ఇవ్వలేదని ఎవరైనా కోప్పడొచ్చు, కానీ ఆ వరస ఎందుకు పెట్టిందో రికార్డులోని టైములే చెబుతాయి.

6:27కి సెంట్రిఫ్యూజ్ ఆగింది. ట్రోపొనిన్ ముందు అనలైజర్‌లోకి వెళ్లింది. ఎలక్ట్రోలైట్స్ ఫలితాలు 6:34కి తెరమీద కనిపించాయి. సోడియం 139, క్రియాటినిన్ 0.9, రెండూ మామూలే. పొటాషియం మాత్రం 7.9.

మామూలు పొటాషియం 3.5 నుంచి 5 మధ్య. ఏడు దాటితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి అంకెలు రిపోర్టు అచ్చయ్యేదాకా ఆగకూడదని, వెంటనే ఫోన్ చేసి చెప్పాలని అమెరికా పాథాలజిస్టు జార్జ్ లండ్‌బర్గ్ 1972లో రాశారు. ఇవాళ గుర్తింపు పొందిన ఏ ల్యాబ్‌లో చూసినా గోడ మీద అలాంటి అంకెల పట్టిక ఉంటుంది. మరి ఈమె ఫోన్ చేయాలా? క్రియాటినిన్ 0.9 ఉన్న మనిషికి పొటాషియం 7.9 ఎలా వచ్చింది? అలాగని అబద్ధమని కొట్టిపారేసి, అది నిజమైతే? అబద్ధాన్ని నమ్మితే రోగికి ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కిస్తారు. అసలు నాలుగే ఉన్న పొటాషియం ఇంకా దిగిపోతుంది, గుండెకు అదీ ప్రమాదమే.

ఆమె అదే సీరాన్ని మళ్లీ నడిపింది, 7.8 వచ్చింది. మెషీన్ తడబాటు కాదు. 6:39కి వార్డుకి ఫోన్ చేసింది.

“సార్, ఎమర్జెన్సీ ల్యాబ్ నుంచి. పన్నెండో బెడ్ పొటాషియం ఏడు పాయింట్ తొమ్మిది వచ్చింది. మళ్లీ చేశా, అంతే ఉంది. శాంపిల్ మీద నాకు అనుమానం ఉంది. ఒక ఈసీజీ తీయించండి, ఫ్రెష్‌గా రక్తం పంపండి. విన్న అంకె ఒక్కసారి చెప్పండి సార్.”

“ఏడు పాయింట్ తొమ్మిది. పన్నెండో బెడ్. కానీ ఆయన లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నాడమ్మా!”

అంకెను తిరిగి చెప్పించుకోవడం మర్యాద కోసం కాదు. ఫోన్‌లో ‘సెవెంటీన్’ ‘సెవెంటీ’గా వినబడటం, ఒక బెడ్ ఇంకో బెడ్ కావడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. ఎవరికి చెప్పింది, ఎప్పుడు చెప్పింది, ఆయన తిరిగి చెప్పారా లేదా, మూడూ రికార్డులోకి ఎక్కాయి.

ఇప్పుడు అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేయాలి. కణాలు పగిలాయా? సీరం లేత పసుపురంగులో నిర్మలంగా ఉంది, అనలైజర్ కొలిచే హీమోలిసిస్ సూచిక కూడా లేదనే చెప్పింది. ఆలస్యమా? 4:30 నుంచి 6:17 దాకా గంటా నలభై ఏడు నిమిషాలు, ఫ్రిజ్‌లో కాదు, వార్డు బల్ల మీద. ఆమాత్రానికి పొటాషియం రెట్టింపు కాదు. మిగిలింది పర్పుల్ ట్యూబు.

పర్పుల్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచేది ఈడీటీఏ. అది రెండు పొటాషియం అయాన్లను మోసుకుంటూ ట్యూబులోకి వస్తుంది, గడ్డకట్టడానికి కావలసిన కాల్షియంను పట్టి బిగిస్తుంది. ఆ రక్తం కొంచెం పొరపాటున పసుపు మూత ట్యూబులోకి చేరితే పొటాషియం పెరగాలి, కాల్షియం పడిపోవాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము జింకు, మెగ్నీషియం మీద ఆధారపడి పనిచేస్తుంది. వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది కాబట్టి అదీ పడిపోవాలి. వార్డు అడగకపోయినా ఆమె అదే సీరంలో ఈ రెండూ కొలిచింది. ఇవి రోగి బిల్లులోకి వెళ్లవు, ‘ల్యాబ్ తనిఖీ’ అనే పేరుతో రికార్డులో ఉంటాయి. 6:50కి జవాబు వచ్చింది. కాల్షియం 2.4 మిల్లీగ్రాములు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 14. నిజంగా కాల్షియం 2.4 ఉన్న మనిషి కండరాలు కొంకర్లు పోయి మంచం మీద గిలగిల్లాడుతుంటాడు, కాఫీ అడగడు.

7:05కి కొత్త శాంపిల్ వచ్చింది. ఈసారి రెండో చేతి నుంచి, హెపారిన్ ట్యూబు ఒక్కటే. 7:24కి ఫలితం: పొటాషియం 4.3, కాల్షియం 9.3. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడటం నాకు ఇష్టం. మొదటి శాంపిల్‌లో పొటాషియం 3.6 మిల్లీమోల్స్ ఎక్కువ ఉంది. ఈడీటీఏ ఒక్కోటి రెండు పొటాషియంలను తెస్తుంది కాబట్టి చేరిన ఈడీటీఏ అందులో సగం, 1.8. అది ఒక్కోటీ ఒక్కో కాల్షియంను పడుతుంది, అంటే 1.8 మిల్లీమోల్స్ కాల్షియం మాయం కావాలి. మిల్లీగ్రాముల్లోకి మార్చడానికి నాలుగుతో గుణిస్తే డెసిలీటరుకు 7.2. ఆమెకు కనిపించిన తేడా 6.9. కొలిచే పద్ధతిని బట్టి ఇది కొంచెం అటూఇటూ అవుతుంది గాని, నేరస్థలంలో దొరికిన వేలిముద్ర ఇంతకంటే బాగా కలవదు.

రికార్డులో ఆమె రాసిన వాక్యాలు చూడదగ్గవి. ‘సిస్టర్ ఒక ట్యూబులోంచి ఇంకోదాంట్లో పోశారు’ అని రాయలేదు. అది ఆమె చూడలేదు. ‘అదే టైముకి తీసిన పర్పుల్ ట్యూబులో రక్తం గీతకు సగం కింద ఉంది’ అని రాసింది. చూసింది ఒక గడిలో, అనుకున్నది ఇంకో గడిలో. 7.9 అనే అంకెను చెరపలేదు కూడా. డాక్టరుకి వెళ్లిన రిపోర్టులో ‘ఈడీటీఏ కలిసిన లక్షణాలు, శాంపిల్ పనికిరాదు’ అని ఉంటుంది. లోపలి చరిత్రలో మాత్రం అసలు అంకె, ఎవరు ఆపారు, ఎప్పుడు ఆపారు, ఏ లాటు రీఏజెంటుతో నడిపారు అనేవి అలాగే ఉంటాయి. కాగితపు రిజిస్టర్ అయినా పద్ధతి ఇదే. తప్పుగా రాసిన అంకె మీద ఒక్క గీత, కింద అంకె కనబడేలా. పక్కన సరైనది, పొట్టి సంతకం, తేదీ. వైట్‌నర్ పూసిన పేజీని తనిఖీకి వచ్చినవాళ్లు చాలాసేపు చూస్తారు.

ఇంత రాతకోత దేనికంటే, ఇటలీలోని పాదువాలో మారియో ప్లెబానీ, పావ్‌లో కర్రారో ఒక ఎమర్జెన్సీ ల్యాబ్‌ను గమనించి 1997లో వ్యాసం రాశారు. 40,490 పరీక్షల్లో 189 పొరపాట్లు దొరికాయి. వాటిలో 68 శాతం, రక్తం మెషీన్‌లోకి వెళ్లకముందు జరిగినవే. ల్యాబ్‌లో ఖరీదైన మెషీను ఉన్నా, తప్పులు ఎక్కువగా పుట్టేది మెషీను చూడని చోట, వార్డు మంచానికీ ల్యాబ్ కౌంటర్‌కీ మధ్య. పన్నెండో బెడ్ రికార్డు ఒంటరిగా ఉంటే ఒక సంఘటన. అదే వార్డు నుంచి, అదే తెల్లవారుజాము వేళ, ఇలాంటివి ఇంకో రెండు కనిపిస్తే ల్యాబ్ ఇన్‌చార్జి వెళ్లి చూస్తారు. తరచుగా కారణం చిన్నదే. సిరంజితో తీసిన రక్తాన్ని ముందు పర్పుల్ ట్యూబులో నింపి, అదే సూదిని తర్వాత పసుపు మూతలో గుచ్చి ఉంటారు. వరస మార్చి, పర్పుల్‌ను పసుపు తర్వాత నింపమని చెబితే చాలు. పసుపులో రక్తం తగ్గిందని పర్పుల్ మూత తీసి పోసేవాళ్లకి మాత్రం ఎందుకు కూడదో కూడా చెప్పాల్సి ఉంటుంది. ఒంట్లోంచి వచ్చింది ఒకటే రక్తమైనా, ట్యూబుల్లో పడ్డాక అది ఒకటి కాదు.

అయితే ఈ రికార్డుకి ఒక బలహీనత ఉంది. ల్యాబ్‌లో పడిన టైములన్నీ మెషీను వేసినవి, వాటిని నమ్మొచ్చు. మొట్టమొదటి టైము, రక్తం తీసిన టైము, మనిషి రాసింది. చాలా ఆసుపత్రుల ఫారాలు తిరగేస్తే ఒక వార్డు రక్తాలన్నీ సరిగ్గా ఆరు గంటలకే తీసినట్టు కనిపిస్తుంది. ముప్ఫైమంది రోగులు, ఇద్దరు సిస్టర్లు, ఒకే నిమిషం! నిజానికి మొదటిది ఐదుంబావుకో, ఆఖరుది ఏడింటికో తీసి ఉంటారు. అలాంటి ఆరు గంటలు ఆధారంగా ‘ఆలస్యం లేదు’ అని తేల్చడం కష్టం. పైన ఆమె వేసిన గంటా నలభై ఏడు నిమిషాల లెక్క కూడా, ఆ 4:30ని నమ్మితేనే నిలుస్తుంది. ఆమె దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకుండా కాల్షియం కొలవడానికి అదీ ఒక కారణం.

దీనికి మందుగా మంచం దగ్గరే రోగి మణికట్టు పట్టీని, ట్యూబును స్కాన్ చేసే పరికరాలు వచ్చాయి. స్కాన్ చేసిన క్షణమే సేకరణ టైముగా పడుతుంది, ఒకరి రక్తం ఇంకొకరి పేరుతో వెళ్లడమూ తగ్గుతుంది. కానీ తొందరలో ఉన్న మనిషి దేనికైనా దారి కనిపెడతాడు. పట్టీలకు నకళ్లు తీసి ఒక కాగితం మీద వరసగా అంటించి, నర్సుల బల్ల దగ్గర కూర్చుని అన్నీ ఒకేసారి స్కాన్ చేసేసిన ఉదంతాలు విదేశీ ఆసుపత్రుల్లో నమోదయ్యాయి. అప్పుడూ దాన్ని పట్టించేది టైములే. రక్తం తీయాలంటే ఒక్కో మంచం దగ్గర కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది. వార్డు ఆ చివర ఉన్న మూడో బెడ్‌కీ ఈ చివర ఉన్న ఇరవయ్యో బెడ్‌కీ మధ్య తేడా తొమ్మిది సెకన్లని రికార్డులో పడితే, ఆ రెండు ట్యూబులనూ అనలైజర్‌లో పెట్టకముందే వార్డుకి ఫోన్ చేయాలి.